షష్టిపూర్తి ఫ్లెక్సీలో పిన్నిగారు ఆరంగుళాలు పెరిగారు

నిన్న సాయంత్రమే ఫ్లెక్సీ కట్టించి వచ్చాను. వారం రోజుల టెన్షన్ ఇంకా దిగలేదు, అందుకే మర్చిపోకముందే రాసేస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర చిన్న ఫోటో స్టూడియో. మా వీధిలో బాబాయిగారికి షష్టిపూర్తి. వాళ్ల పెళ్లినాటి ఫోటో ఒక్కటీ మిగల్లేదు. పట్టుబట్టల్లో ఇద్దరూ గోదావరి గట్టు మీద నిలబడ్డట్టు ఏఐలో చేసిపెట్టమన్నారు. వీధి గుమ్మం ముందు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, 12 అడుగుల దూరం నుంచి, కెమెరా నడుం ఎత్తులో పెట్టి, పాదాలతో సహా ఫోటో తీసుకున్నాను. అరగంటలో అయిపోయింది.

రాత్రి కూర్చుని బొమ్మ చేశాను. నాకైతే చాలా బాగా వచ్చిందనిపించింది. పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి అరుగు మీద పెట్టాను. బాబాయిగారు నవ్వారు. పిన్నిగారు కళ్లజోడు తెచ్చుకుని చూశారు, చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా, "బాబూ, ముఖం నాదే. మిగతా మనిషెవరు?" అన్నారు. నేను ఏదో చెప్పబోయాను. "ఇన్నేళ్లు ఆయన పక్కన నేనే ఉన్నానయ్యా. ఇలాగే ఉన్నాను. నీకు బాగోలేకపోయిందా?" అని లోపలికి వెళ్లిపోయారు. కాఫీ కూడా తాగకుండా వచ్చేశాను. పదిహేనేళ్ల స్టూడియోలో ఏ కస్టమర్ ముందూ అంతలా తలదించుకోలేదు.

ఇంటికొచ్చి కొలిచాను. బాబాయిగారు 5 అడుగుల 9 అంగుళాలు, పిన్నిగారు 4 అడుగుల 10. అంటే ఆయన ఎత్తులో ఆవిడ 84 శాతం ఉండాలి. నా బొమ్మలో ఆయన 1150 పిక్సెళ్లు, ఆవిడ 1070. అది 93 శాతం. ఆ లెక్కన ఆవిడకి 5 అడుగుల 4 అంగుళాల ఎత్తు ఇచ్చేశాను. అసలు ఫోటోలో ఆవిడ ఎత్తు ఆవిడ తలకి ఆరున్నర రెట్లుంటే, బొమ్మలో ఏడున్నర దాటింది. తుంటి దగ్గర వెడల్పు ఎత్తులో మూడో వంతు ఉండేది, నాలుగో వంతుకి తగ్గిపోయింది.

తప్పెక్కడో అప్పుడు తెలిసింది. నిలువెత్తు ఫోటో తీసుకుని కూడా, దాంట్లోంచి ముఖం మాత్రమే రిఫరెన్సుగా ఇచ్చాను. ఒళ్లంతా ఏఐ తన అలవాటుకొద్దీ పోసుకుంది. పైగా ప్రాంప్టులో "అందమైన, హుందా అయిన" అని రాశాను. ఆ మాటలకి దాని దగ్గరున్నది సన్నటి, పొడుగాటి మనిషే.

రెండోసారి, ఫోటోలో మనిషి నిలబడ్డ తీరుని బొమ్మకి పట్టించే OpenPose వాడాను. ఎత్తు కుదిరింది, ఒళ్లు కుదరలేదు. అది చూసేది భుజం, మోచెయ్యి, మోకాలు లాంటి కీళ్ల చుక్కల్నే. వాటిని కలిపిన పుల్లబొమ్మకి కండ ఉండదు కదా. కోపంకొద్దీ ప్రాంప్టులో "లావు" అని రాస్తే బుగ్గలు ఉబ్బిపోయి కార్టూనులా తయారైంది. అది మరీ అవమానం, వెంటనే తీసేశాను.

మూడోసారి, ఫోటోలోని లోతుని బొమ్మకి పట్టించే Depth పెట్టాను. మనిషి ఎక్కడ ముందుకొచ్చింది, ఎక్కడ వెనక్కెళ్లింది, ఎంత వెడల్పు అన్నది అది మొత్తం పట్టుకుంటుంది. పూర్తి బలంతో పెడితే పాత నూలుచీర మడతలు కూడా పట్టుచీర మీదికొచ్చేశాయి. 0.65కి తగ్గించాక చీర మారింది, మనిషి మారలేదు. ప్రాంప్టులో పొగడ్తలన్నీ తీసేసి "పొట్టిగా, వెడల్పుగా ఉండే యాభై ఎనిమిదేళ్ల ఆవిడ" అని ఉన్నదున్నట్టు రాశాను. అసలు ఫోటోని బొమ్మ మీద సగం పారదర్శకంగా పరిచి చూశాను. తల, భుజాలు, తుంటి, పాదాలు నాలుగూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

"కస్టమర్ని సన్నగా చూపించడమే మన పని" అని ట్రైనింగులో ఒకాయన నేర్పాడు. ఆయన మాట నమ్మకండి. పొట్ట తగ్గించమని వాళ్లంతట వాళ్లు అడిగితే అది వేరు. అడక్కుండా తగ్గిస్తే ఆ ఒంటికి మనం వంక పెట్టినట్టే.

మళ్లీ తీసుకెళ్లాను. పిన్నిగారు ముందు తన ఎడమ భుజం చూసుకున్నారు. అది కాస్త కిందికి ఉంటుంది, బొమ్మలోనూ అలాగే వచ్చింది. "ఆయ్, బిందెలు మోసిన వైపండి అది" అని బాబాయిగారికి వేలుపెట్టి చూపించారు. ఈసారి కాఫీ తాగే వచ్చాను.

ఇంక ఫ్లెక్సీ షాపు. నా బొమ్మ నిలువుది, వాళ్ల సైజు అడ్డంది. కుర్రాడు మౌసుతో అంచు పట్టుకుని అడ్డంగా లాగబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. అటూ ఇటూ మిగిలిన ఖాళీలో అరటిబోదెలు పెట్టించి, ప్రింటు బయటికొచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.