ఏతాం, వడిసెల, వార్విక్ కోట

"ట్రెబుషెట్ కాదు బాబాయ్, ట్రెబుషే. చివర టి పలకకూడదు," అన్నాడు మా అన్నయ్య కొడుకు. వాడికి పదేళ్లు. 2014 ఆగస్టులో ఇంగ్లండ్‌లో, కొవెంట్రీలో వాళ్లింట్లో వారం ఉన్నాను. ఆ వారమంతా నా ఇంగ్లిష్ దిద్దడమే వాడి పని. వార్విక్ కోటకు వెళ్దామని పట్టుబట్టింది కూడా వాడే. గోడలు, బురుజులు చూడటానికి నేను అంత దూరం వెళ్లనక్కర్లేదు, మా విజయనగరంలోనే కోట ఉంది. కానీ అక్కడ ట్రెబుషే అనే రాళ్లు విసిరే యంత్రం ఉందనీ, దాన్ని నిజంగా పేలుస్తారనీ వాడు చెప్పాడు. "పేల్చడం కాదురా, మందుగుండు లేదు కదా," అని వాణ్ణి ఒక్కసారైనా దిద్దగలిగాను.

కోట పక్కనే ఏవన్ నది. ఆ ఒడ్డున పచ్చిక మైదానంలో నిలబడి ఉంది యంత్రం. ఎత్తు 18 మీటర్లు, మొత్తం బరువు 22 టన్నులు. పాత కాలం నాటిది కాదు. డెన్మార్క్‌లో నైకోబింగ్ అనే ఊరి మ్యూజియం వాళ్ల నమూనా గీతలు తెచ్చుకుని కట్టి, 2005లో ఇక్కడ నిలబెట్టారు. దూరం నుంచి చూడగానే నాకు మా అమ్మమ్మ గారి ఊళ్లో బావి మీది ఏతాం గుర్తొచ్చింది. నడుమ ఇరుసు, దాని మీద పొడుగాటి దూలం, ఒక కొసన బరువు. ఏతాం మీద మనిషి అటూ ఇటూ నడుస్తాడు, ఆ మనిషే బరువు. ఇక్కడ మనిషి బదులు దూలం పొట్టి కొసకు ఒక పెద్ద పెట్టె వేలాడుతోంది. అందులో ఆరు టన్నులు. పొడుగు కొసకు తాళ్లతో ఒక తోలు ఒడి. ఆ ఒడిని చూశాక రెండో సంగతి కూడా తట్టింది. అది వడిసెల. జొన్న చేలో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలడానికి వాడేదే. ఏతాం చివర వడిసెల కట్టారు, అంతే. మిగతాదంతా లెక్క.

మేం వెళ్లేసరికే నలుగురు మనుషులు యంత్రానికి రెండు పక్కలా ఉన్న పెద్ద చక్రాల్లోకి దిగారు. చక్రం నాలుగు మీటర్ల ఎత్తు. పంజరంలో ఉడుత పరుగెత్తినట్టు లోపల నడుస్తారు. చక్రం తిరిగితే తాడు చుట్టుకుంటుంది, పొడుగు కొస నేల మీదికి దిగుతుంది, అవతల ఆరు టన్నుల పెట్టె మెల్లగా పైకి లేస్తుంది. చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. పిల్లలు విసుక్కుని ఐస్‌క్రీం బండి వైపు వెళ్లారు. నాకు మాత్రం ఇదే అసలు ఘట్టం అనిపించింది, ఎందుకంటే శక్తి దాచడమంతా ఇక్కడే జరుగుతుంది. తర్వాత జరిగేది ఖర్చు.

పెట్టె ఎంత ఎత్తు లేచిందో కంటితో అంచనా వేశాను, నాలుగు మీటర్లు అనుకుందాం. ఆరు వేల కిలోలు, గురుత్వం పది, ఎత్తు నాలుగు. గుణిస్తే 2,40,000 జౌళ్లు. చక్రంలో నడిచే మనిషి నికరంగా వంద వాట్ల పని చేస్తాడనుకుంటే నలుగురికీ కలిపి నాలుగు వందలు. అంటే పది నిమిషాల నడక. తాడు సర్దడం, రాయి పెట్టడం, కొక్కేలు చూసుకోవడం అన్నీ కలిపి ఒక దెబ్బకు ఎనిమిది మంది, అరగంట. ఈ పది నిమిషాల చెమట అంతా సెకను, సెకనున్నర వ్యవధిలో బయటికి వస్తుంది. మనిషి కండకు చేతకాని పని అదొక్కటే, అంత పనిని అంత తొందరగా చేయడం. పాతకాలంలో దూలం పొట్టి కొసకు తాళ్లు కట్టి పది ఇరవై మంది ఒక్కసారిగా గుంజేవారు. అందరూ ఒకే క్షణంలో ఒకే బలంతో గుంజాలి, ఒకడు తడబడితే రాయి వేరే చోట పడుతుంది. బరువు పెట్టె తడబడదు. ప్రతిసారీ అదే ఎత్తు నుంచి అలాగే పడుతుంది. గోడలో ఒకే చోట పదే పదే కొట్టాలంటే కావలసింది ఆ నిలకడే.

పొడుగు కొసను నేలకు కొక్కెంతో బిగించారు. వడిసెల తాళ్లను యంత్రం కింద ఉన్న చెక్క దోనిలో వెనక్కి పరిచి, ఒడిలో రాయి ఉంచారు. వడిసెలకు రెండు తాళ్లు. ఒకటి దూలానికి గట్టిగా కట్టేసి ఉంటుంది. రెండోదాని చివర ఉంగరం, అది దూలం కొసన ఉన్న ఇనుప మేకుకు ఊరికే తగిలించి ఉంటుంది. ఆ మేకు అరచేతి పొడవు కూడా ఉండదనిపించింది దూరానికి. అన్నయ్య భుజం తట్టి, "మొత్తం యంత్రానికి బుర్ర అదేరా," అన్నాడు. వాడు మెకానికల్ చదివాడు కాబట్టి నమ్మాను.

తాడు లాగారు. కొక్కెం ఊడింది.

మొదట దూలం కదిలినట్టే అనిపించలేదు. పెట్టె కిందికి జారడం మొదలైంది, దోనిలో రాయి సర్రుమని ముందుకు పాకింది, తర్వాత ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. దూలం నిట్టనిలువుగా లేచింది, వడిసెల దాని వెనక నుంచి గిర్రున పైకి తిరిగి వచ్చింది, రాయి వెళ్లిపోయింది. చప్పుడు రాయిది కాదు, చెక్కది. ముసలి బండి ఇరుసు మూలిగినట్టు.

దూలం పొడుగు చెయ్యి, పొట్టి చెయ్యికి నాలుగైదు రెట్లుంటుంది. పెట్టె సెకనుకు ఐదు మీటర్ల వేగంతో పడితే దూలం కొస ఇరవై, పాతికతో కదులుతుంది. దానికి పైన వడిసెల ఇంకో చెయ్యిలా కలుస్తుంది. చర్నాకోల ఝళిపించినప్పుడు పిడి ఆగిపోతుంది, కొస మాత్రం చెళ్లుమంటుంది, అలాగే ఇక్కడ కూడా. వడిసెల ముందుకు దూసుకొచ్చే కొద్దీ దూలం నెమ్మదిస్తుంది, పెట్టె కూడా నెమ్మదిస్తుంది. ఆ రెండింటి వేగం రాయిలోకి పోతుంది. పెట్టెను దూలానికి బిగించకుండా ఇరుసు మీద వేలాడదీయడానికి కారణం కూడా ఇదే. వేలాడే పెట్టె దాదాపు నిటారుగా కిందికి పడుతుంది, పక్కకు ఊగి శక్తి పోగొట్టుకోదు. సరిగ్గా కుదిరిన యంత్రంలో రాయి వదిలే క్షణానికి పెట్టె దాదాపు నిలిచిపోవాలి.

ఇక్కడ మాత్రం నిలవలేదు. రాయి ఎగిరిపోయాక కూడా పెట్టె ఉయ్యాలలా చాలాసేపు ఊగుతూనే ఉంది, దూలం ముందుకీ వెనక్కీ ఆడింది. మా వదిన, "ఇంకా ఊగుతోందేంటి?" అంది. అదే సరైన ప్రశ్న. అలా ఊగేదంతా రాయికి అందని శక్తి.

ఈ యంత్రం 2006 ఆగస్టులో 13 కిలోల రాయిని గంటకు 195 కిలోమీటర్ల వేగంతో 249 మీటర్ల దూరం విసిరి రికార్డు కొట్టింది. ఆ వేగం అంటే సెకనుకు 54 మీటర్లు. లెక్క కడితే రాయికి దక్కింది సుమారు 19,000 జౌళ్లు. మేం పైకి ఎత్తినట్టు వేసుకున్న 2,40,000లో ఇది పన్నెండో వంతు కూడా కాదు. మిగతాది భారీ దూలాన్ని తిప్పడానికి, పెట్టెను ఊపడానికి పోయింది. కారణం సింపుల్, ఆరు టన్నుల బరువుకు 13 కిలోల రాయి చాలా తేలిక. పెద్ద సుత్తితో గుండుసూదిని కొట్టినట్టు. ఇలాంటి యంత్రాలకు బరువులో సుమారు నూరో వంతు రాయి కుదురుతుందంటారు. అంటే ఇక్కడ 60 కిలోలు. అది సెకనుకు 40 మీటర్లతోనే వెళ్లిందనుకుందాం. దూరం తగ్గుతుంది, 160 మీటర్ల దగ్గర పడుతుంది. కానీ దెబ్బ 48,000 జౌళ్లు. టన్ను బరువున్న కారు 35 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దినంత. రికార్డుకు తేలిక రాయి, గోడకు బరువు రాయి. నేను కోట కూల్చేవాణ్ణయితే ఆ 249 మీటర్లకు మురిసిపోను.

ఇక ఆ మేకు సంగతి. మేకును కొంచెం ముందుకు వంచితే ఉంగరం ఆలస్యంగా జారుతుంది, రాయి తక్కువ ఎత్తులో పోతుంది. మరీ వంచితే ఎదుటి నేలకే తగులుతుంది. నిటారుగా చేస్తే ఉంగరం ముందే జారి రాయి ఆకాశంలోకి లేస్తుంది. ఇంకా ముందే జారితే వెనక్కి, మనవాళ్ల మీదికి. 1521లో మెక్సికోలో స్పానిష్ సైనికులు హడావిడిగా కట్టిన ఇలాంటి యంత్రం రాయిని నిట్టనిలువుగా పైకి విసిరింది, అది వచ్చి ఆ యంత్రం దగ్గరే పడింది. పాతకాలం వాళ్లు లెక్కలు కట్టలేదు, రాయి పడిన చోటు చూసి మేకును సవరించేవారు. అందుకే రాళ్లన్నీ ఒకే బరువుకు చెక్కించాలి. ఒకటి 60, ఇంకోటి 70 కిలోలైతే మేకు ఎంత సరిగ్గా ఉన్నా ప్రయోజనం లేదు.

తిరుగు దారిలో కెనిల్‌వర్త్ దగ్గర ఆగాం. వార్విక్ నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. ఎర్ర ఇసుకరాయి శిథిలాలు, చుట్టూ గొర్రెలు మేసే పల్లపు పచ్చిక. ఒకప్పుడు ఆ పచ్చికంతా నీళ్లే. వాగులకు అడ్డంగా ఆనకట్ట వేసి కోట చుట్టూ పెద్ద చెరువు నిలిపారు. 1266లో రాజు మూడో హెన్రీ దీన్ని ముట్టడించాడు. లోపల తిరుగుబాటుదార్లు, ముందు ఏడాది యుద్ధంలో చనిపోయిన సైమన్ డి మాంట్‌ఫర్ట్ మనుషులు. ఇక్కడ జరిగిందే నాకు అసలు పాఠం. కోటలోని వాళ్ల దగ్గర కూడా రాళ్లు విసిరే యంత్రాలున్నాయి, పైగా అవి రాజు యంత్రాల కన్నా ఎక్కువ దూరం కొట్టేవి. గోడలకు దగ్గరగా వస్తే దెబ్బ తినాలి, దూరంగా ఉంటే మన రాయి అందదు. రాజు లండన్ నుంచి ఇంకా పెద్ద యంత్రాలు తెప్పించాల్సి వచ్చింది. రెండు వైపుల నుంచీ ఎగిరిన రాళ్లు గాల్లోనే ఢీకొన్నాయని ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. దాదాపు ఆరు నెలలు సాగింది. చివరికి డిసెంబరులో కోట లొంగింది. గోడలు కూలి కాదు, లోపల తిండి అయిపోయి, జబ్బులొచ్చి.

"అయితే ట్రెబుషే వేస్టా?" అన్నాడు మా వాడు, కాస్త బాధగా.

"కోట బట్టి," అన్నాడు అన్నయ్య. చెరువు లేకపోతే యంత్రాన్ని దగ్గరగా నిలబెట్టేవాళ్లు, అప్పుడు లెక్క మారిపోయేది. వేగంలో చిన్న తేడా వచ్చినా దూరంలో పెద్ద తేడా వస్తుంది. దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది కూడా.

ఈలోపు వదిన చున్నీని మడతపెట్టి వాడికి వడిసెల చేసి చూపించాను. ఒక కొస వేలికి చుట్టుకోవాలి, రెండోది బొటనవేలితో పట్టుకుని సరైన క్షణంలో వదలాలి. మట్టిగడ్డ పెట్టి ఒకసారి గిరగిరా తిప్పాడు, ముందే వదిలేశాడు. గడ్డ నేరుగా పైకి వెళ్లి మా పులిహోర డబ్బా మూత మీద పడింది. "మేకు వంచాలి బాబాయ్," అని వాడు ఇంకో గడ్డ ఏరుకోవడానికి వెళ్లాడు. వదిన డబ్బా తీసుకుని కారు వైపు నడిచింది.