పన్నెండు గంటల షిఫ్టులో దాక్కున్న తప్పు

నెలాఖరు. రేపు సాయంత్రానికి జీతాల షీటు బ్యాంకుకు వెళ్లాలి. మధ్యాహ్నం దాకా మామూలు పనే నడిచింది. తర్వాత మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అకౌంటెంట్ అమ్మాయి నైట్ షిఫ్టు హాజరు షీటులో ఒక వరస దగ్గర ఆగిపోయింది. మిగతా రోజంతా ఆ వరసకే సరిపోయింది.

వరసలో ఇన్ 20:00, అవుట్ 09:00 అని ఉంది. పొద్దున డ్యూటీ ఎక్కాల్సిన మనిషి రాకపోవడంతో ఇతను గంట ఎక్కువ ఆగాడు. సూపర్‌వైజర్ రిజిస్టరులో ఆ మాట రాసి సంతకం కూడా పెట్టాడు. అంటే 13 గంటలు. షీటు మాత్రం 11 అంటోంది. ఓవర్‌టైమ్ గడి ఖాళీగా ఉంది, తగ్గిన గంటల గడిలో 1 ఉంది.

"సార్, ఈయన గంట ఎక్కువ చేస్తే మనం గంట కోసేస్తున్నాం" అంది.

ఇలాంటిది కనబడితే చాలామంది టైపు చేసినవాడి పొరపాటు అనుకుని గడిలో 13 కొట్టి ముందుకు పోతారు. ఈ అమ్మాయి ఆ పని చేయలేదు. ఇన్, అవుట్ రెండూ రిజిస్టరుతో పోల్చింది, సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు గంటల గడి మీద నొక్కి ఫార్ములా చూసింది.

```
=ABS(C2-B2)*24
```

B ఇన్ టైము, C అవుట్ టైము. తప్పు ఈ ABS దగ్గరే ఉంది. అయితే ఇది అక్కడికి ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఎక్సెల్‌కు టైమంటే రోజులో ఒక భాగం. మధ్యాహ్నం 12 అంటే 0.5, ఉదయం 6 అంటే 0.25. రాత్రి 8 అంటే 0.8333, మర్నాడు ఉదయం 8 అంటే 0.3333. గడిలో తేదీ లేకుండా టైము ఒక్కటే ఉంటే ఆ ఉదయం మర్నాటిదన్న సంగతి ఎక్సెల్‌కు తెలిసే దారి లేదు. అవుట్‌లోంచి ఇన్ తీసేస్తే మైనస్ వస్తుంది. గడి టైము ఫార్మాట్‌లో ఉంటే మైనస్ టైము చూపించలేక గడి నిండా ##### పరుస్తుంది. ఎప్పుడో ఎవరో ఆ గీతలు చూసి విసిగి, మైనస్ పోతే చాలనుకుని ABS పెట్టేశారు. గీతలు పోయాయి, అంకె వచ్చింది, అదీ 12. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా 12 గంటలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

నన్ను ఆపేసింది ఈ 12 సంగతే. రాత్రి షిఫ్టుకు ABS ఇచ్చేది పనిచేసిన గంటలు కాదు, 24లోంచి పనిచేసిన గంటలు తీసేస్తే మిగిలేవి. అంటే మనిషి డ్యూటీలో లేని గంటలు. 24లో 12 పోతే మిగిలేదీ 12 కాబట్టి, సరిగ్గా 12 గంటల షిఫ్టుకు మాత్రమే తప్పు ఫార్ములా కూడా ఒప్పు జవాబు చెబుతుంది. అదే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 8 గంటల షిఫ్టయి ఉంటే షీటు 16 చూపించేది, మొదటి నెలలోనే ఎవరో ఒకరు పట్టుకునేవారు. 12 గంటల డ్యూటీ వల్లనే ఇది ఇన్నాళ్లు బతికింది.

12 నుంచి కాస్త అటూ ఇటూ జరిగితే అంతా తలకిందులవుతుంది. 13 చేసినవాడికి 11, 11 చేసినవాడికి 13. అరగంట ఆలస్యంగా 20:30కి వచ్చి 8 గంటలకే వెళ్లిపోయినవాడు చేసింది పదకొండున్నర, షీటు పన్నెండున్నర అంటుంది. ఆలస్యంగా వచ్చినందుకు అరగంట ఓవర్‌టైము! తేడా ఎప్పుడూ రెండింతలు. గంట ఎక్కువ ఆగితే ఆ గంట రాకపోవడమే కాదు, మామూలు గంట ఒకటి కూడా పోతుంది. పగటి షిఫ్టులో అవుట్ ఎప్పుడూ ఇన్ కంటే పెద్దదే కాబట్టి అక్కడ ABS ఉన్నా లేకున్నా ఒకటే.

మరి నెలనెలా మొత్తాలు సరిచూస్తూనే ఉన్నారు కదా, అక్కడెందుకు దొరకలేదు? దీనికి ఆ అమ్మాయి ఇద్దరి వరసలు తీసి చూపించింది. ఇద్దరివీ 24 రాత్రులు. మొదటివాడు 18 రాత్రులు సరిగ్గా 12 గంటలు, 4 రాత్రులు 13, 2 రాత్రులు 11 చేశాడు. అసలు మొత్తం 290 గంటలు, షీటులో 286. రెండోవాడు 18 రాత్రులు 12, 2 రాత్రులు 13, 4 రాత్రులు 11. అసలు 286, షీటులో 290. ఇద్దరివీ కలిపితే ఎటు చూసినా 576. సెక్షన్ మొత్తం దగ్గర తేడా మాయమైంది, ఒకడి గంటలు మాత్రం ఇంకొకడి ఖాతాలో పడ్డాయి. మొత్తం కుదిరిందంటే లోపలి వరసలన్నీ కుదిరినట్టేనన్న ధీమా మా పనిలో చాలామందికి ఉంటుంది. షిఫ్టు మొదట్లో ఆలస్యాలు, చివర్లో అదనపు గంటలు దాదాపు సమానంగా ఉండే చోట ఆ ధీమాకు అర్థం లేదు. ఎక్కువ చేసినవాడికి తక్కువ, తక్కువ చేసినవాడికి ఎక్కువ ఇస్తూ కూడా మొత్తం చక్కగా కుదురుతుంది. తక్కువ వచ్చినవాడు అడిగితే "మెషీన్ లెక్క అది" అన్న జవాబు వినే ఉంటాడు.

ఇక దిద్దడం. పాత నిలువు వరసను చెరపకుండా పక్కన కొత్తది వేసింది. ఇదే సరైన పద్ధతి. పాతది చెరిపేస్తే ఎవరికి ఎంత తేడా వచ్చిందో చూపించడానికి ఆధారం మిగలదు. మొదట వేసిన ఫార్ములా ఇది.

```
=MOD(C2-B2,1)*24
```

తేడా మైనస్ వస్తే MOD దానికి ఒక రోజు కలిపి ఇస్తుంది. ఉదయం 9 అంటే 0.375, అందులోంచి 0.8333 పోతే మైనస్ 0.4583, ఒకటి కలిపితే 0.5417, దాన్ని 24తో గుణిస్తే 13. పగటి షిఫ్టుకు తేడా ప్లస్సే కనుక దాన్ని ముట్టుకోదు.

అక్కడితో అయిపోలేదు. పాతదానికీ కొత్తదానికీ తేడా తీసి, సున్నా కాని వరసలు వడపోస్తే సరిగ్గా 12 గంటలు చేసిన రాత్రులు కూడా కొన్ని బయటికొచ్చాయి. చూడటానికి 0.00, లోపల మాత్రం సున్నా కాదు. 8/24, 20/24 లాంటి భిన్నాలు కంప్యూటర్‌లో పూర్తిగా ఇమడవు, చివరి అంకెల్లో ఇసుమంత తేడా మిగులుతుంది. ఓవర్‌టైమ్ గడిలో "12 కంటే ఎక్కువైతే" అన్న షరతు ఉన్నప్పుడు ఈ ఇసుమంతే ఎక్కువగా లెక్కయ్యే ప్రమాదం ఉంది. అందుకని నిమిషాలకు సరిచేసి 60తో భాగించడం మేలు.

రెండో చిక్కు ఖాళీ గడులది. అవుట్ కొట్టడం మరిచిపోతే ఆ గడి ఖాళీ. తీసివేతలో ఖాళీ అంటే సున్నా, అర్ధరాత్రి 00:00 అన్నా సున్నాయే. 20:00కి వచ్చి అవుట్ లేనివాడికి MOD నిబ్బరంగా 4 గంటలు రాసేస్తుంది. పాత ఫార్ములా 20 రాసేది, అది కనీసం కంట్లో పడేది. కొత్తది నమ్మదగ్గ అంకెలా కనిపిస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం. COUNT మాత్రం ఖాళీకీ 00:00కీ తేడా గుర్తుపడుతుంది, పైగా అక్షరాలుగా పడిన టైమునూ లెక్కలోకి తీసుకోదు. సాయంత్రానికి తేలిన రూపం ఇది.

```
=IF(COUNTA(B2:C2)=0,"",
 IF(COUNT(B2:C2)<2,"చూడాలి",
 ROUND(MOD(C2-B2,1)*1440,0)/60))
```

సెలవు రోజుకు ఖాళీ, సగం నిండిన వరసకు "చూడాలి". కింద మొత్తం పక్కన ఎన్ని "చూడాలి" ఉన్నాయో COUNTIFతో పెట్టింది. ఆ అంకె సున్నా అయ్యేదాకా షీటు ముందుకు పోకూడదని ఇద్దరం అనుకున్నాం.

వేరే షీటులో పరీక్షకు కొన్ని వరసలు కూడా వేయించాను: పగటి షిఫ్టు ఒకటి, మామూలు రాత్రి ఒకటి, గంట పెరిగినది, గంట తగ్గినది, సరిగ్గా అర్ధరాత్రి వెళ్లిపోయినది, అవుట్ లేనిది. జవాబులు ముందే చేత్తో రాసి పెట్టుకుని ఫార్ములాతో పోల్చాలి. 12 గంటల రాత్రి ఒక్కటే వేసి పరీక్షిస్తే ABS కూడా పాసైపోతుందని మరిచిపోకూడదు.

దీనికీ ఒక హద్దుంది. రెండు షిఫ్టులు వరసగా చేసి 20:00కి వచ్చినవాడు మర్నాడు 20:00కి వెళితే MOD సున్నా అంటుంది. ఇంకో గంట ఆగితే 1 అంటుంది. అలాంటి డ్యూటీలు ఉన్నచోట గడిలో తేదీ, టైము రెండూ ఉండాల్సిందే. రెండూ ఉంటే మామూలు తీసివేత చాలు, MOD అక్కర్లేదు. పంచ్ మెషీన్ ఎలాగూ తేదీతోనే ఇస్తుంది, మనవాళ్లే "చూడ్డానికి బాగుండదు" అని తేదీని కోసేస్తారు.

పాత నెలల ఫైళ్లు తెరిచి Ctrl+` నొక్కి ఫార్ములాలు బయటపెట్టి చూస్తే ABS ఏ నెలలో మొదలైందో దొరికింది. ఆ నెల నుంచీ నైట్ షిఫ్టు వరసలన్నీ మళ్లీ లెక్కకట్టాలి. కొన్ని గడుల్లో ఫార్ములా లేదు, చేత్తో కొట్టిన అంకెలున్నాయి. అంటే అప్పట్లో ఎవరో గొడవపెట్టుకుంటే వాళ్లకు మాత్రం దిద్దారన్నమాట. వాటిని విడిగా రంగు వేసి పెట్టింది, లేకపోతే ఒకే గంటకు రెండుసార్లు బకాయి పడుతుంది.

తక్కువ వచ్చినవాళ్లకు బకాయి ఈ నెల జీతంతోనే వేరే పద్దుగా చూపించి ఇవ్వాలని మేనేజర్‌కు రాశాం. ఎక్కువ వచ్చినవాళ్ల సంగతి వేరు. జీతంలోంచి కోత వేయాలంటే చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందో, వాళ్ల రాతపూర్వక అంగీకారం కావాలో లేదో తేలాలి. అందుకని వాళ్ల అంకెలు రాసి పెట్టాం, ముట్టుకోలేదు. ఈ నెల షీటులో "చూడాలి" ఇంకా రెండు మిగిలాయి. వాటి అవుట్ టైముకు రేపు పొద్దున గేటు రిజిస్టరు తెప్పించాలి.