ఆదివారం వంట, శుక్రవారం డబ్బా

పోయిన నెల ఒక గురువారం ఆఫీసులో డబ్బా మూత తీయగానే పుల్లటి వాసన, పప్పు పైన సన్నటి బుడగలు. ఆదివారం వండి ఫ్రిజ్‌లో పెట్టిందే, మరి ఎందుకు పాడైందా అని చాలా బాధపడ్డాను. తర్వాత అర్థమైంది, కుక్కర్ గిన్నెను వేడివేడిగా అలాగే ఫ్రిజ్‌లోకి తోసేశాను, పైన చల్లబడినా మధ్యలో పప్పు గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోయింది, పులవడానికి అదే చాలు.

ఈ ఆదివారం పద్ధతి మార్చాను. రెండు గ్లాసుల కందిపప్పు, నాలుగు టమాటాలు ఉడికించి, పోపు వేసి, వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిచి ఫ్యాన్ కింద పెట్టాను. ముప్పావు గంటలో చల్లారింది. వెంటనే ఐదు చిన్న డబ్బాల్లో సర్ది, సోమ, మంగళ, బుధవారాలవి కింద అరలో, మిగతా రెండూ ఫ్రీజర్‌లో. బుధవారం రాత్రి ఒకటి, గురువారం రాత్రి ఇంకొకటి కిందికి దించుకుంటే పొద్దున్న పొగలు వచ్చేదాకా మరిగించుకోవడమే.

కూరల్లో బీన్స్ వేపుడు మూడు రోజులకు సరిపడానే చేశాను. బంగాళదుంప మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు, కరిగాక నీళ్ళొదిలి పిండిపిండిగా అయిపోతుంది. చివరి రెండు రోజులకు పప్పు పక్కన ఆవకాయ ఉందిగా!

అన్నం ఏ రోజుకారోజే, పొద్దున్నే కుక్కర్‌లో ఒక గ్లాసు.

నిన్న శుక్రవారం. మూత తీస్తే ఇంగువ వాసన వచ్చింది.