పదకొండు గంటల మాట ముందు చెప్పాలి

"నీ స్క్రిప్టులో ఆరో వాక్యం దాకా వచ్చాను. నేనేం చేయాలో ఇంకా తెలియలేదు" అన్నాడు మా ఆఫీసులో పనిచేసే మలయాళీ పెద్దాయన. కువైట్ రాకముందు ఆయన చాలా ఏళ్లు పత్రిక డెస్కులో ఉన్నాడు. నేను తెలుగులో రాసిన ఆడియో స్క్రిప్టును ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పించుకుని విని, ఆ మాటన్నాడు. ఆ రోజంతా నాకు అది ముల్లులా గుచ్చుకుంది. తెలుగు రానివాడు నా తెలుగు స్క్రిప్టుకు వంక పెట్టడమా అనిపించింది.

ఆ ఆడియోను పొద్దున్నే లేబర్ క్యాంపు నుంచి సైటుకు వెళ్లే బస్సులో వేస్తారు. వినేవాళ్లలో ఎక్కువమంది మన బద్వేలు, మైదుకూరు, రాజంపేట వైపు వాళ్లే. విషయం ఎండాకాలం పని వేళలు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట ఎండలో పని చేయించడం నిషేధం. నేను రాసింది ఇలా మొదలవుతుంది:

"అందరికీ నమస్కారం. మనం కడప ఎండల్లో పుట్టి పెరిగినవాళ్లం. ఎండంటే మనకు భయం లేదు. కానీ ఇక్కడి ఎండ వేరు. 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఇంత వేడిలో ఒళ్లు తనను తాను చల్లబరుచుకోవడం కష్టం. అందుకే ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. కాబట్టి పగలు 11 నుంచి..."

ఇందులో అబద్ధం లేదు, అనవసరమైన మాట కూడా లేదు. మనం మాట్లాడే తీరే ఇది. బాగోగులు అడగకుండా, కారణం చెప్పకుండా "ఇది చెయ్" అంటే మన వైపు దాన్ని పొగరు అంటారు. ఒక మనిషిని కూర్చోబెట్టి ఒప్పించాలంటే నేను ఇప్పటికీ ఈ వరుసలోనే చెబుతాను.

కానీ బస్సులో కూర్చున్నవాడు నా ఎదురుగా లేడు. ఇంజిన్ మోత, సగం నిద్ర, పక్కవాడి ఫోను మధ్య వింటున్నాడు. కాగితమైతే కళ్లు కిందికి పోయి ముఖ్యమైన ముక్కను వెతుక్కుంటాయి, చెవికి ఆ వీలు లేదు. వెనక్కి తిప్పుకోవడమూ కుదరదు. మొదటి రెండు వాక్యాలు పట్టుకుని, తర్వాతది వదిలేసేవాడే ఎక్కువ. నా స్క్రిప్టులో నమస్కారం పోను ఆ రెండు వాక్యాలు విన్నవాడికి మిగిలేది, ఎండంటే మనకు భయం లేదు అన్న మాట. ఈ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది, తట్టాక కాస్త భయం కూడా వేసింది.

పెద్దాయన చెప్పిన పద్ధతి వార్తలు రాసేవాళ్లందరికీ తెలిసిందే. దాన్ని తలకిందుల పిరమిడ్ అంటారు. ఫలితం ముందు, దానికి ఆనుకున్న వివరం తర్వాత, నేపథ్యం చివర. పేజీలో చోటు చాలకపోతే డెస్కువాళ్లు కింది నుంచి కోసేస్తారు. ఎక్కడ కోసినా పైన మిగిలింది నిలబడాలి. మన ఆడియోను కోసేది చోటు కాదు, వినేవాడి ధ్యాస. అది ఎక్కడ తెగుతుందో మనకు తెలియదు.

అసలు మాటను వెతకడం కష్టం కాలేదు. మన రాతల్లో అది తరచుగా "కాబట్టి", "అందుకే", "చివరగా" అన్న మాటల వెనకే ఉంటుంది. ఆ వాక్యాన్ని పైకి తెచ్చాను. తేగానే రెండు చిక్కులు వచ్చాయి. ఒకటి, "కాబట్టి" ముందు ఇప్పుడు ఏమీ లేదు, దాన్ని తీసేయాలి. "ఆ నియమం", "ఇంత వేడి" లాంటివి కూడా అంతే, అవి చూపించే సంగతి కిందికి పోయింది. రెండోది తెలుగుకే ఉన్న చిక్కు. మనకు క్రియ వాక్యం చివర వస్తుంది. "ప్రభుత్వ నిబంధనల ప్రకారం జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా ఆరుబయట ఎండలో పని చేయకూడదు" అని రాస్తే అది మొదటి వాక్యమే, కానీ అసలు మాట మళ్లీ చివరికే పోయింది. "చేయకూడదు" అనేదాకా చేయాలో వద్దో తెలియదు. ఇంగ్లీషు పద్ధతిని వరుస మార్చి దించితే సరిపోదు. తెలుగులో మొదటి వాక్యం పొట్టిగా ఉండి తీరాలి, తేదీలు, ప్రభుత్వం పేరు దాన్నుంచి బయటికి పోవాలి.

తర్వాత, మొదటి వాక్యం వినగానే వాడు ఏమి అడుగుతాడు అని ఆలోచించాను. పెద్దాయనైతే "ఎందుకు" అని అడుగుతాడు. మన కడపవాడు అడిగేది అది కాదు. ఊళ్లో అప్పు పెట్టుకుని వచ్చినవాడు ముందు కూలి గురించే అడుగుతాడు. నా మొదటి స్క్రిప్టులో ఆ ముక్క అసలు చివరి వరుసలో ఉంది. వేళలు సర్దడమే తప్ప కోత లేదని మా కంపెనీ ముందే చెప్పింది. పిలుపు పోను దాన్ని మూడో వాక్యం చేశాను.

"అన్నా, వినండి. పదకొండు కాగానే ఎండలో పని ఆపండి. నాలుగు దాటాకే మళ్లీ మొదలుపెట్టండి. ఆపినందుకు కూలి కోయరు. ఆగస్టు ఆఖరు దాకా రోజూ ఇంతే, ఇది ఇక్కడి ప్రభుత్వ నియమం. పక్కవాడు తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా వెంటనే 112కు ఫోన్ చేయండి. నీడకు తీసుకెళ్లి ఒంటి మీద నీళ్లు పోయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు."

మిత్రిబా, 53.9, కడప ఎండలు అన్నీ దీని కిందికి పోయాయి. "అన్నా, వినండి" మాత్రం పట్టుబట్టి ఉంచాను. అసలు మాటే మొదట రావాలని పెద్దాయన వాదించాడు. కానీ రేడియోలో పనిచేసినవాళ్లకు తెలుసు, చెవి ఇటు తిరగడానికి ఒక క్షణం పడుతుంది, ఆ క్షణంలో పడిన మాట పోతుంది. పోయినా నష్టం లేని మాట అక్కడ ఉండాలి. పైగా మనవాళ్లు పిలుపుకు తల తిప్పుతారు.

సెలవుకు బద్వేలు వచ్చినప్పుడు రెండూ మా చిన్నాయనకు వినిపించాను. ఆయన కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చినవాడు. మొదటి స్క్రిప్టును రెండు వాక్యాల తర్వాత ఆపి, "ఏం చేయాలి చిన్నాయనా?" అని అడిగాను. "ఏముంది అబ్బీ, ధైర్యంగా ఉండమంటున్నారు" అన్నాడు. రెండోది కూడా అంతే దూరంలో ఆపాను. "పదకొండుకు పని ఆపేయాల. మరి కూలి?" అన్నాడు. ఆయన ప్రశ్నకు జవాబే తర్వాతి వాక్యం. ఇంట్లో ఎవరి మీదైనా చేసి చూడగల పరీక్ష ఇది. మధ్యలో ఆపి "బాగుందా" అని అడగొద్దు, "ఏం చేయాలి" అని అడగాలి.

ఈ ఆడియో బాగా పనిచేసిందని, కార్మికుల ఇళ్లకు వెళ్లే కబుర్లకు కూడా ఇదే అచ్చు వాడదామని ఆఫీసులో అన్నారు. సెలవులు, టికెట్ల సంగతికి సరేనన్నాను. ప్రమాదం, చావు కబురుకు మాత్రం ఒప్పుకోలేదు. ఫోన్ ఎత్తిన ఆడమనిషికి తొలి వాక్యంలో ఆ మాట చెప్పకూడదు. ముందు ఇంట్లో పక్కన ఎవరున్నారో కనుక్కోవాలి, కూర్చోమనాలి, ఒక చెడ్డ కబురు ఉందని చెప్పాలి, ఆ తర్వాత దాచకుండా, తిప్పకుండా చెప్పాలి. అక్కడ ఎవరి ధ్యాసా తెగదు, వినేవాళ్లు ప్రతి అక్షరం వింటారు. ఆ ఫోన్లకు విడిగా ఒక కాగితం రాసిచ్చాను, మొదటి వరుసలో "మీ దగ్గర ఎవరున్నారమ్మా?" అని ఉంటుంది.