సెంటు సీసాల ఆర్డర్: ఫోనుతో గాజు అంచులు రాబట్టడం

నగలు, బ్యాగుల ఫొటోలు తీసిచ్చి కొంత సంపాదిస్తున్న నాకు ఈసారి గాజు పని దొరికింది. చిన్నగా సెంటు వ్యాపారం చేసుకునే ఒకావిడ ఆరు రకాల సీసాలు పంపారు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాలి కాబట్టి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కావాలన్నారు. పారదర్శకమైన గాజును తెల్ల కాగితం ముందు పెట్టి పక్కనుంచి వెలుతురిస్తే రెండు చిక్కులు. సీసా మీద కిటికీ ప్రతిబింబం తెల్ల మచ్చలా పడుతుంది, అంచులేమో బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతాయి. గాలిలో లేబుల్, మూత తేలుతున్నట్టు ఉంటుంది.

దీనికి స్టూడియోవాళ్లు వాడే పద్ధతి బ్రైట్ ఫీల్డ్. వెలుతురు సీసా వెనక నుంచే రావాలి. నేరుగా ఎండ పడని కిటికీకి బటర్ పేపర్ అంటించాను, అదే బ్యాక్‌గ్రౌండ్, అదే లైటు. సీసాను దానికి రెండడుగుల ముందు పెట్టాను. ఇక అసలు కీలకం రెండు నల్ల చార్ట్ ముక్కలు. సీసాకు అటొకటి ఇటొకటి, ఫ్రేములోకి రాకుండా సరిగ్గా దాని బయట నిలబెట్టాలి. గాజు అంచు దగ్గర కాంతి బాగా వంగుతుంది కాబట్టి అక్కడ మనకు కనిపించేది సీసా వెనక ఉన్నది కాదు, పక్కన ఉన్నది. పక్కన నలుపుంటే అంచు పొడవునా పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత వస్తుంది. ముక్కల్ని కొంచెం దగ్గరికి జరిపితే గీత లావవుతుంది, దూరం జరిపితే సన్నబడుతుంది. గీత అసలే రావట్లేదంటే బ్యాక్‌గ్రౌండ్ మరీ పెద్దదై పక్కలనుంచి కూడా తెల్లటి వెలుతురు వస్తోందన్నమాట. ఫ్రేముకు కావలసినంత మేరే ఉంచి, మిగతా కిటికీని అట్టతో కప్పేయాలి.

వెలుతురు వెనకనుంచి వస్తే లేబుల్ చీకటిగా పడుతుంది. దానికి లెన్సు కింద, సీసా వైపు వాల్చి చిన్న తెల్ల అట్ట పెడితే చాలు. ముదురు తేనె రంగు సెంటు మాత్రం నల్లగానే కనిపించింది. సీసా ఆకారానికంటే కాస్త చిన్నగా వెండి రంగు కాగితం కత్తిరించి, ముందు నుంచి కనపడకుండా వెనక ఏటవాలుగా ఆనిస్తే రంగు వెలిగింది. ఈ చిట్కా నాకు చాలా నచ్చింది.

ఫోను విషయం. దగ్గరికెళ్లి తీస్తే సీసా పైభాగం ఉబ్బినట్టు కనిపిస్తుంది, అందుకే వెనక్కి జరిగి జూమ్ లెన్సు వాడాను. మరీ దగ్గరైతే కొన్ని ఫోన్లు చెప్పాపెట్టకుండా మెయిన్ లెన్సుకు మారి, ఆ బొమ్మనే కత్తిరించి చూపిస్తాయి. జూమ్ లెన్సు మీద వేలు పెట్టి చూడండి, తెర నల్లబడకపోతే మారిపోయినట్టే. ఫోను ఎత్తు సీసా నడుముకు సమానంగా ఉండాలి, వంచకూడదు. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 100, వైట్ బ్యాలెన్స్ ఒకే అంకె మీద కట్టేశాను, టైమర్ 3 సెకన్లు. ఆటోలో వదిలేస్తే తెలుపును బూడిదగా మారుస్తుంది, హెచ్‌డీఆర్ కష్టపడి తెచ్చుకున్న నల్ల గీతను పలచన చేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ తెల్లబడే దాకా వెలుతురు పెంచి, అంచు కరిగిపోవడం మొదలయ్యే ముందే ఆపాలి.

మబ్బు పడితే రంగు మారుతుంది. ఆరు సీసాలూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చివర్లో మొదటి సీసాను మళ్లీ ఒకసారి తీసి రెండూ పోల్చాను. తేడా కనిపిస్తే మధ్యలోవి సరిచేయాలని అప్పుడే తెలిసిపోతుంది.

ఎక్కువ సమయం తినేది మాత్రం దుమ్మే. వెనక వెలుతురులో ప్రతి నలకా, ప్రతి వేలిముద్రా బయటపడుతుంది. గుడ్డ గ్లవ్స్ వేసుకుని, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, బ్లోయర్ కొట్టాకే షట్టర్ నొక్కడం మేలు. అయినా ఎడిటింగ్‌లో మచ్చలు తుడవడానికి షూట్ కంటే ఎక్కువసేపు పట్టింది. అందుకే గాజుకు గంట లెక్కన కాకుండా పూర్తయిన ఫొటో లెక్కన, బట్ట వస్తువుల కంటే ఎక్కువ రేటు చెప్పాను. సగం అడ్వాన్స్, ఒక్కసారి మార్పులు ఉచితం, ఆపైన విడిగా అని ముందే రాసి పంపాను. ఆవిడ సరేనన్నారు.

అమెజాన్‌లో ప్రధాన ఫొటోకు బ్యాక్‌గ్రౌండ్ పూర్తి తెలుపు, అంటే RGB 255, 255, 255 ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. ఆ కొలతలకే చదరంగా కత్తిరించి sRGB జేపెగ్‌లుగా ఇచ్చాను. వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపితే నాణ్యత పడిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాను. తర్వాతి విడతలో బంగారు రంగు మూతల సీసాలు వస్తున్నాయి. మూతలో ఫోను ప్రతిబింబం పడకుండా తెల్ల అట్టకు లెన్సంత రంధ్రం చేసి, దానిలోంచి తీసి చూడాలి.