అద్దం సగంలో ఆగిపోతుంటే మోటార్ మార్చబోయాను

మా కారులో డ్రైవర్ వైపు అద్దం కిందికి బాగానే దిగేది. పైకి ఎక్కేటప్పుడు మాత్రం మూలుగుతూ సగం దాకా వచ్చి ఆగిపోయేది, రెండు మూడు నిమిషాలు వదిలేస్తే మళ్లీ కాస్త కదిలేది. మోటార్, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్ రెండూ మార్చేద్దామన్నాడు మెకానిక్. సరే చూద్దామని డోర్ ప్యాడ్ నేనే విప్పాను.

అద్దాన్ని రెగ్యులేటర్‌కి పట్టించే బోల్టులు వదులు చేసి చేత్తో జరిపి చూశా. పైభాగంలో రబ్బరు ఛానల్ కాస్త బిగుతుగా ఉంది గానీ ఎక్కడా పట్టేయలేదు. అద్దం బరువు లేకుండా నడిపితే రెగ్యులేటర్ కూడా చప్పుడు లేకుండా చివరిదాకా వెళ్లింది.

ఇక్కడే ఒక పొరపాటు చేశా. మోటార్ కనెక్టర్ ఊడదీసి, స్విచ్ నొక్కి మీటర్ పెడితే నిండుగా బ్యాటరీ వోల్టేజీ చూపించింది, కరెంటు బాగానే వస్తోంది కాబట్టి మోటారే పోయిందనుకుని ఆర్డర్ పెట్టబోయాను కూడా. కానీ మోటార్ తగిలించకపోతే కరెంటు పారదు, కరెంటు పారకపోతే దారిలో ఎంత చెడ్డ కాంటాక్ట్ ఉన్నా వోల్టేజీ పడిపోదు. మోటార్ తిరుగుతుండగానే కొలవాలి.

అద్దం మళ్లీ బిగించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, కనెక్టర్ వెనక నుంచి ప్రోబులు దూర్చా. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, మోటార్ దగ్గర పైకి వెళ్లేటప్పుడు 9.4, కిందికి వచ్చేటప్పుడు 12.9. అంటే పైకి వెళ్లేటప్పుడు 4.7 వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఒక్కో ముక్కకీ అటూ ఇటూ ప్రోబులు పెట్టి చూస్తే బ్యాటరీ నుంచి స్విచ్ దాకా 0.6, ఎర్త్ వైపు 0.4, మిగతా 3.7 స్విచ్ లోపలే!

నా కారులో మోటార్ కరెంటు మొత్తం స్విచ్ గుండానే వెళ్తుంది. పైకి ఒక కాంటాక్ట్, కిందికి ఇంకొకటి, అందుకే ఒక వైపే తేడా. ఛానల్ బిగుతుగా ఉన్నచోట మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఆ కాంటాక్ట్‌లో ఇంకా ఎక్కువ వోల్టేజీ పోతుంది, చివరికి మోటార్ బిగుసుకుపోయి వేడెక్కి లోపలి రక్షణ దాన్ని ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ కదలడం దానివల్లే. డోర్‌లో విడిగా కంట్రోల్ మాడ్యూల్ ఉండే కార్లలో స్విచ్ సిగ్నల్ మాత్రమే పంపుతుంది, వాటికి ఈ లెక్క కుదరదు.

స్విచ్ విప్పితే ఆ కాంటాక్ట్ నల్లగా మాడి ఉంది. శుభ్రం చేస్తే కొన్నాళ్లు నడిచింది గానీ పైపూత పోయిన కాంటాక్ట్ మళ్లీ మాడింది, చివరికి స్విచ్ మార్చక తప్పలేదు. మార్చాక స్విచ్‌లో 0.2 వోల్టులే పోతున్నాయి. రబ్బరు ఛానల్ తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టా, నూనె పెడితే రబ్బరు ఉబ్బుతుంది కాబట్టి అది వద్దు. అద్దం ఇప్పుడు 4 సెకన్లలో మూసుకుంటోంది, పాత మోటార్‌తోనే.