ఐదు మార్కుల సైన్స్ జవాబు: నెఫ్రాన్ ప్రశ్న మీద నేను చేసిన సాధన

జీవశాస్త్రంలో ఐదు మార్కుల ప్రశ్నలకు నేను ఎక్కువగా సాధన చేసింది ఒకే ప్రశ్న మీద: "నెఫ్రాన్ పటం గీసి, భాగాలు గుర్తించి, మూత్రం ఏర్పడే విధానాన్ని వివరించండి." దీని మీద పట్టు దొరికాక గుండె, కన్ను, జీర్ణవ్యవస్థ లాంటి పెద్ద ప్రశ్నలు కూడా అదే దారిలో రాయగలిగాను. అందుకే ఈ ఒక్కదాన్నే మొదటి నుంచి చివరిదాకా చెప్తాను.

ముందు ప్రశ్న చివర ఏం చేయమన్నారో చూడండి. పటం గీయమన్నారు, భాగాలు గుర్తించమన్నారు, విధానాన్ని వివరించమన్నారు. నిర్మాణాన్ని వర్ణించమని ఎక్కడా అనలేదు. ఆ పని పటమే చేసేస్తుంది. చాలామంది "మూత్రపిండాలు చిక్కుడు గింజ ఆకారంలో, ముదురు ఎరుపు రంగులో ఉంటాయి" అని మొదలుపెట్టి అర పేజీ నింపుతారు. అందులో తప్పేమీ లేదు, కానీ అడిగింది అది కాదు. దానికి మార్కు రాదు, టైమ్ మాత్రం పోతుంది.

నేను ప్రశ్న చదవగానే రఫ్ వర్క్ చోట పెన్సిల్‌తో నాలుగు మాటలు రాసుకుంటాను: గుచ్ఛగాలనం, వరణాత్మక పునఃశోషణం, నాళికా స్రావం, మూత్రం గాఢత పెరగడం. ఇవే కీలక పదాలు. అయితే పదం పెట్టి దాని కింద గీత గీస్తే మార్కు పడుతుందనుకోవడం పొరపాటు. ఆ పని నెఫ్రాన్‌లో ఎక్కడ జరుగుతుంది, ఏది ఎటు కదులుతుంది, ఎందుకు కదులుతుంది అన్న మూడు విషయాలు పక్కనే ఉండాలి. అప్పుడే ఆ పదం అర్థమై రాశారని దిద్దేవారికి తెలుస్తుంది.

మొదటి దశనే తీసుకోండి. "గుచ్ఛగాలనంలో రక్తం వడపోత జరుగుతుంది" అని రాస్తే అది పేరును ఇంకోలా చెప్పడమే. నేనైతే ఇలా రాస్తాను: "అభివాహి ధమనిక కన్నా అపవాహి ధమనిక సన్నగా ఉంటుంది. అందువల్ల రక్తకేశనాళికా గుచ్ఛంలో రక్తపీడనం పెరుగుతుంది. ఆ పీడనం వల్ల నీరు, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, లవణాలు, యూరియా బౌమన్ గుళికలోకి చేరతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే ఉండిపోతాయి." నాలుగు చిన్న వాక్యాలు. చోటు, కారణం, పదార్థాలు అన్నీ వచ్చేశాయి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు "వ్యర్థాలు వడపోస్తాయి" అని ఆపేయడం. ఉపయోగపడే గ్లూకోజ్ కూడా గుళికలోకి వెళ్లిపోతుందని చెప్పకపోతే, రెండో దశలో తిరిగి పీల్చుకోవడానికి ఏమీ మిగలదు. దిద్దేవారికి జవాబు ఆ చోటే తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఒక దశలో రాసిన పదార్థమే తర్వాతి దశకు కారణం కావాలి.

రెండో దశకు రెండు వాక్యాలు చాలు. సమీపస్థ సంవళిత నాళంలో గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, చాలావరకు నీరు, సోడియం చుట్టూ ఉన్న రక్తకేశనాళికల్లోకి తిరిగి వెళ్తాయి. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోత అయినా, బయటికి పోయే మూత్రం ఒకటిన్నర లీటరుకు అటూ ఇటూగానే ఉండడానికి పునఃశోషణమే కారణం. ఆ అంకె గుర్తుంటే రాయండి. పునఃశోషణం ఎంత పెద్ద పనో ఒక్క మాటలో తేలిపోతుంది. గుర్తులేకపోతే దానికోసం ఆలోచిస్తూ కూర్చోవద్దు.

మూడో దశలో తికమక అంతా దిశ దగ్గరే. పునఃశోషణంలో పదార్థాలు నాళం నుంచి రక్తంలోకి పోతాయి. స్రావంలో రక్తం నుంచి నాళంలోకి వస్తాయి. అందుకని "రక్తం నుంచి దూరస్థ సంవళిత నాళంలోకి పొటాషియం, హైడ్రోజన్ అయాన్లు స్రవించబడతాయి" అని రెండు కొసలూ రాయాలి. ఊరికే "స్రవించబడతాయి" అంటే ఎక్కడి నుంచి ఎక్కడికన్నది తేలదు. చివరి దశ: సంగ్రహణ నాళంలో వాసోప్రెసిన్ ప్రభావంతో నీరు ఇంకా పీల్చబడి మూత్రం గాఢంగా మారుతుంది. అంతే.

ఇక పటం. నేను దీన్ని రాతకన్నా ముందే వేస్తాను. ఎదురుగా పటం ఉంటే వాక్యాలు వరుస తప్పవు. ముందు ఎడమ పైన గిన్నెలా బౌమన్ గుళిక, దానిలో చిక్కుముడిలా గుచ్ఛం. గుచ్ఛంలోకి వచ్చే ధమనికను లావుగా, బయటికి పోయేదాన్ని సన్నగా గీయాలి. ఈ తేడా పటంలో కనిపించకపోతే, రాతలో చెప్పిన పీడనం కారణానికి ఆధారం ఉండదు. తర్వాత మెలికలు తిరిగిన సమీపస్థ నాళం, కిందికి దిగి పైకి వచ్చే హెన్లీ శిక్యం, మళ్లీ మెలికలతో దూరస్థ నాళం, చివర నిటారుగా సంగ్రహణ నాళం. షేడింగ్, రంగులు వద్దు. వాటికి మార్కులుండవు, పైగా అంచులు చెరిగిపోతాయి.

ఎనిమిది భాగాల పేర్లూ కుడివైపు ఒకే వరుసలో, ఒకదాని కింద ఒకటి రాస్తాను. గీతలు స్కేలుతో, ఒకదాన్నొకటి దాటకుండా ఉండాలి. గీత కొస సరిగ్గా ఆ భాగాన్ని తాకాలి. గుచ్ఛం, గుళిక పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎక్కువ తప్పులు అక్కడే దొర్లుతాయి. గుచ్ఛం గీత లోపలి ముడి దాకా వెళ్లాలి, గుళిక గీత బయటి గోడ దగ్గర ఆగాలి. ఇంకో మాట: పేరు చూపే గీతకు బాణం మొన పెట్టవద్దు. ఇక్కడ బాణం అంటే రక్తం పోయే దిశ. భౌతికశాస్త్రంలో కిరణచిత్రాలకు మాత్రం బాణం గుర్తు తప్పనిసరి, అది లేకపోతే కాంతి ఎటు పోతుందో తెలియదు. ఈ రెండు అలవాట్లూ కలిపేస్తే రెండు పేపర్లలోనూ నష్టమే.

టైమ్ లెక్క సులభమే. పేపర్ 80 మార్కులకు మూడు గంటలు అనుకుందాం. ప్రశ్నలు చదవడానికి, చివర సరిచూసుకోవడానికి 20 నిమిషాలు తీసేస్తే 160 నిమిషాలు మిగులుతాయి. అంటే మార్కుకు రెండు నిమిషాలు, ఈ జవాబుకు పది. నేను కీలక పదాలకు ఒక నిమిషం, పటానికి నాలుగు, రాతకు ఐదు పెట్టుకుంటాను. మీ పేపర్ మార్కులు, సమయం వేరైతే ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

ఎక్కువ ఆలస్యమయ్యేది పటం దగ్గరే, అందులోనూ గీసి చెరిపి మళ్లీ గీయడం వల్ల. అందుకే ఇంట్లో గడియారం పెట్టుకుని పటం ఒక్కటే విడిగా గీయండి. నాలుగు నిమిషాల్లో పూర్తికాకపోతే మెలికల సంఖ్య తగ్గించండి, భాగాల పేర్లు మాత్రం తగ్గించవద్దు. పరీక్షలో పన్నెండు నిమిషాలు దాటినా జవాబు మిగిలి ఉంటే, మూడు నాలుగు గీతల చోటు వదిలి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాను. వాసోప్రెసిన్ వాక్యం ఒక్కటి రాయకపోతే పోయేది అర మార్కో, ఒక మార్కో. దానికోసం పట్టుబడితే చివర ఒక ప్రశ్న మొత్తం మిగిలిపోవచ్చు.

చివరి పది నిమిషాల్లో వచ్చి ఆ వాక్యం రాసి, రెండు విషయాలే చూస్తాను: పటంలో ప్రతి గీత కొస సరైన భాగాన్ని తాకిందా, స్రావం వాక్యంలో "రక్తం నుంచి నాళంలోకి" అని ఉందా. అక్షరదోషాల కోసం మొత్తం మళ్లీ చదివే టైమ్ ఎలాగూ ఉండదు.